మార్చి బిల్లు, మే చెక్కు

విజయవాడలో సొంతంగా ప్రాక్టీసు చేసుకునే ఒక ఆర్కిటెక్టు పని పూర్తిచేసి, 2025 మార్చి 10న ఓ కంపెనీకి 2 లక్షల రూపాయల బిల్లు ఇచ్చారనుకుందాం. జీఎస్టీ సంగతి పక్కన పెడదాం. కంపెనీ మార్చి 31న ఆ బిల్లును తన పుస్తకాల్లో ఆయన పేరిట జమ రాసి, 10 శాతం టీడీఎస్ కింద 20 వేలు పట్టుకుంది. మిగతా 1.80 లక్షల చెక్కు మే నెలలో వచ్చింది. ఈలోగా ఆర్థిక సంవత్సరం మారిపోయింది. మరి ఈ సొమ్ము ఏ ఏడాది ఆదాయం?

అది ఆయన లెక్కలు రాసే పద్ధతిని బట్టి ఉంటుంది. మర్కంటైల్ పద్ధతిలో పని పూర్తయి, డబ్బు అడిగే హక్కు వచ్చిన రోజే ఆదాయం పుట్టినట్టు. కాబట్టి ఆ 2 లక్షలు 2024-25 లెక్కలోకే వస్తాయి. చెక్కు ఇంకా చేతికి రాకపోయినా పన్ను లెక్క తప్పదు. క్యాష్ పద్ధతిలో డబ్బు అందినప్పుడే ఆదాయం కనుక, ఇది 2025-26కి జరుగుతుంది.

క్యాష్ పద్ధతిలో తరచూ రెండు పొరపాట్లు జరుగుతాయి. ఖాతాలో పడిన 1.80 లక్షలే ఆదాయమని రాయడం మొదటిది. టీడీఎస్ కూడా ఆయన సొమ్మే, ఆయన తరఫున ప్రభుత్వానికి కట్టింది. అందుకే ఆదాయం పూర్తి 2 లక్షలు. ఇక 26ఏఎస్‌లో ఆ టీడీఎస్ 2024-25 కింద కనిపిస్తుంది కదా అని, ఆదాయం చూపకుండా 20 వేలు మాత్రం ఆ ఏడాదే క్లెయిమ్ చేయడం రెండోది. ఆదాయం ఏ ఏడాది చూపితే టీడీఎస్ కూడా ఆ ఏడాదే వాడుకోవాలి. రిటర్నులోని టీడీఎస్ షెడ్యూలులో ఆ 20 వేలను తర్వాతి ఏడాదికి క్యారీ ఫార్వర్డ్ చేస్తే సరిపోతుంది.

అలాగని క్యాష్ పద్ధతి ఎప్పుడూ లాభమేమీ కాదు. జూన్‌లో చేయబోయే పనికి మార్చిలోనే ఫీజు అడ్వాన్సు పుచ్చుకుంటే, అది ఆ మార్చి లెక్కలోనే పడుతుంది. మర్కంటైల్‌లో అయితే పని జరిగాకే ఆదాయం. కానీ పార్టీ చేతులెత్తేస్తే మర్కంటైల్ వాళ్లకే చిక్కు: రాని డబ్బుకు ముందే పన్ను కట్టి, ఆ బాకీని పుస్తకాల్లో రానిబాకీగా కొట్టేసిన ఏడాదే తగ్గింపు పొందాలి.

ఏది లాభమైతే అది ఏడాదికోటి ఎంచుకోవడానికి వీల్లేదు. వ్యాపార, వృత్తి ఆదాయానికి క్రమం తప్పకుండా పాటిస్తున్న పద్ధతినే చట్టం ఒప్పుకుంటుంది. కంపెనీలకైతే ఆ ఎంపిక కూడా లేదు. కంపెనీల చట్టం ప్రకారం వాటి పుస్తకాలు మర్కంటైల్‌లోనే ఉండాలి.