ఆరువందల మందికి రాసింది పదిహేను మందికి చదివితే

బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఫోన్ మోసాల గురించి ఊరూరా మాట్లాడుతున్నాను. కాకినాడలో ఒక కల్యాణ మండపంలో ఆరువందల మంది ముందు చేసిన ప్రసంగం బాగా పేలింది. చప్పట్లు మూడుసార్లు పడ్డాయి. ఆ ఏడు కాగితాలే పట్టుకుని మర్నాడు పక్క ఊరి గ్రంథాలయానికి వెళ్ళాను. చెక్క బల్ల చుట్టూ పదిహేను మంది, ఎక్కువమంది పింఛనుదార్లు.

రెండో కాగితంలో ఒక ప్రశ్న ఉంది: ‘మీలో ఎవరికైనా ఇలాంటి ఫోన్ వచ్చిందా?’ మండపంలో దానికి ఎవరూ జవాబు చెప్పరు, చెప్పాలని అడగం కూడా. ఇక్కడ మూలనున్న పెద్దాయన చెయ్యెత్తి, ‘వచ్చిందండీ. నలభై వేలు పోయాయి’ అన్నారు. నా కాగితంలో తర్వాతి వాక్యం: ‘దురాశే మోసగాడికి పెట్టుబడి!’ మండపంలో చప్పట్లు పడిన వాక్యమది. నోట్లోంచి వచ్చేసింది. ఆయన తల దించుకున్నారు. ఆ తర్వాత అరగంటసేపు ఎవరూ నోరు విప్పలేదు.

ఆ రాత్రి కాగితాలు ముందేసుకుని ఎర్ర పెన్ను పట్టాను. మొదట ప్రశ్నార్థకాలన్నీ చుట్టాను, పదకొండు తేలాయి. చిన్న గదిలో ప్రశ్న అడిగితే జవాబొస్తుంది. కాబట్టి ఒక్కోదాన్నీ నిజంగా తెలుసుకోడానికే అడుగుతున్నానా, ఊపు కోసమా అని చూశాను. ఊపు కోసం వేసినవి ఎనిమిది, కొట్టేశాను. మిగిలిన మూడింటి పక్కన ‘ఆగు’ అని రాసుకున్నాను. అడిగాక మనసులో అయిదు లెక్కపెట్టేదాకా మాట్లాడకూడదు. వినడానికి తేలికే గానీ, ఆ అయిదు అంకెలూ మాటకారికి మహా కష్టం.

తర్వాత ఆరంభం. వేదికనలంకరించిన పెద్దలకు, మాతృమూర్తులకు అంటూ రెండు నిమిషాలు పట్టే వందనాలు మండపంలో వృథా కావు. జనం సర్దుకుంటారు, మైకు కుదురుతుంది, వెనకవాళ్ళ చెవి మన గొంతుకు అలవాటు పడుతుంది. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళు వచ్చేటప్పుడే పలకరించేశారు. వాళ్ళను మళ్ళీ ‘సభకు నమస్కారం’ అంటే ఎవరికో చెబుతున్నట్టుంటుంది.

‘ఓటీపీ చెప్పకండి, పిన్ చెప్పకండి, పాస్‌వర్డ్ చెప్పకండి’ అన్న మూడు దెబ్బల వాక్యాన్ని వదులుకోవడం మాత్రం బాధనిపించింది. పెద్ద హాల్లో గోడలకు తగిలిన శబ్దం వెంటనే చావదు, పాత మాట తోక కొత్త మాట మీద పడుతుంది. అందుకే అక్కడ పొట్టి ముక్కలు, ఆగడాలు, ఒకే మాట మళ్ళీ చెప్పడం అవసరం. పుస్తకాల బీరువాలున్న చిన్న గదిలో ఆ గోల లేదు. మూడుసార్లు చెబితే పిల్లలకు చెప్పినట్టుంటుంది. దాని బదులు నా ఫోన్ తీసి చూపించాలనుకున్నాను: ‘డబ్బు పంపుతాం, స్కాన్ చేసి పిన్ కొట్టండి’ అన్నారనుకోండి, స్కాన్ చేశాక తెర మీద ఏముంటుందో చదవండి. డబ్బు చెల్లించమనే ఉంటుంది. మనకు డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. ఫోన్ చేతులు మారుతూ బల్ల చుట్టూ తిరగాలి. ఆరువందల మందితో ఇది కుదరదు.

రూజ్‌వెల్ట్ గుర్తొచ్చాడు. 1933 మార్చి 4న అమెరికా అధ్యక్షుడిగా ప్రమాణం చేసి, బ్యాంకుల కష్టకాలం మీద జనసమూహం ముందు బైబిల్ ధోరణిలో గర్జించాడు. ఎనిమిది రోజులకు అదే సంగతి రేడియోలో, ఇళ్ళల్లో కూర్చున్నవాళ్ళకు చెప్పాల్సొచ్చింది. అప్పుడు గర్జన లేదు. మీరు వేసిన డబ్బును బ్యాంకు పెట్టెలో దాచదు, అప్పులిస్తుంది, అందుకే అందరూ ఒక్కరోజే అడిగితే ఇవ్వలేదు అని వివరించాడు. వినేవాళ్ళు కోట్లమందైనా, గది మాత్రం చిన్నదే.

చివరికి ఏడు కాగితాలు సగం కాగితమయ్యాయి, వాక్యాలు లేకుండా మాటలతో. ఇరవై అయిదు నిమిషాలది పది నిమిషాలకు తగ్గింది. మిగతా సమయం వాళ్ళది. కానీ ఒక చిక్కుంది: చిన్న గదిలో మాట మన చేతిలో ఉండదు. ఎవరో ఒకాయన తన అల్లుడి సంగతి ఎత్తుకుంటే గంట గడుస్తుంది. అందుకని మండపంలో ముగింపుగా దాచిన మాటను ఇక్కడ మొదటికి తెచ్చాను: డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం 1930కి ఫోన్ చెయ్యండి. మోసపోయినవాళ్ళ కథల్లో ఊళ్ళు, వృత్తులు మార్చాను. చిన్న ఊళ్ళో పేరు చెప్పకపోయినా పోలిక పట్టేస్తారు.

నెల తర్వాత అదే గ్రంథాలయానికి అడిగి మరీ వెళ్ళాను. నిలబడలేదు, బల్ల దగ్గరే కుర్చీ లాక్కున్నాను. ఈసారి ప్రశ్న మార్చాను: ‘ఇలాంటి ఫోన్ వస్తే అవతలివాడు మొదట ఏమంటాడు?’ ఒకటి, రెండు, మూడు, నాలుగు. అయిదో అంకె దగ్గర ఆ పెద్దాయనే అందుకున్నారు. ‘ముందు మన పేరు చెబుతాడండీ, అక్కడే పడిపోతాం’ అంటూ ఆ రోజు సంగతంతా చెప్పారు. నా కాగితంలో సగం పైగా ఆయన మాటల్లోనే అయిపోయింది.