హైబర్నేట్

శుక్రవారం సాయంత్రం సగం రాసిన రిపోర్టుతో ల్యాప్‌టాప్ మూత వేస్తే అది సాధారణంగా స్లీప్‌లోకి వెళ్తుంది. పని ర్యామ్‌లోనే ఉంటుంది, దానికి కరెంటు అందుతూనే ఉండాలి. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లైతే స్లీప్‌లోనూ వైఫైని వదలవు; బ్యాగు వెచ్చబడిందంటే అనుమానించాల్సిందే. సోమవారానికి బ్యాటరీ పూర్తిగా అయిపోతే, సేవ్ చేయనిది పోయినట్టే.

హైబర్నేట్ ర్యామ్‌లోని పనిని డిస్కులో hiberfil.sys ఫైలుగా రాసి, ఆ తర్వాతే మెషీన్‌ను ఆపుతుంది. బ్యాటరీ దాదాపు ఖర్చు కాదు. తెరుచుకోవడం స్లీప్ కన్నా కాస్త ఆలస్యం, అంతే. షట్‌డౌన్‌లోనూ బ్యాటరీ మిగులుతుంది గానీ ప్రోగ్రాములన్నీ మూతపడతాయి.

విండోస్ పవర్ మెనూలో హైబర్నేట్ తరచూ కనిపించదు. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో ఇది కొట్టాలి:

```
powercfg /hibernate on
```

తర్వాత కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్లలో మూత వేస్తే హైబర్నేట్ అయ్యేలా పెట్టుకోవచ్చు. టీ విరామానికి మాత్రం స్లీప్ చాలు.