హారంలో దాగిన కోణం

ఇంటర్మీడియట్ రెండో ఏడాది విద్యార్థి ముందు ఈ మూడు ఇంటిగ్రల్స్ పెట్టి చూడండి:

∫ dx/(x² + 4x + 5)
∫ dx/(x² + 4x + 4)
∫ dx/(x² + 4x + 3)

మారింది చివరి అంకె ఒక్కటే. జవాబులు మాత్రం మూడు వేర్వేరు కుటుంబాలవి. మొదటిదానికి tan⁻¹(x+2) వస్తుంది. రెండోదానికి −1/(x+2). మూడోదానికి లాగరిథమ్: ½ log|(x+1)/(x+3)|. ఎందుకిలా అన్నది హారాన్ని వర్గంగా పూర్తి చేస్తే బయటపడుతుంది. మూడింటిలోనూ (x+2)² ఉంది. దాని పక్కన మొదటిదానిలో +1 మిగిలింది, రెండోదానిలో ఏమీ మిగల్లేదు, మూడోదానిలో −1 మిగిలింది. ఆ మిగిలినదాని గుర్తే జవాబు ఏ కుటుంబంలోకి వెళ్లాలో నిర్ణయిస్తుంది.

మరి మామూలు కూడికలు, వర్గాలు, భాగహారాలతో తయారైన భిన్నం నుంచి కోణం ఎలా పుట్టుకొచ్చింది? సూత్రాల పట్టికలో దీనికి జవాబు దొరకదు, బొమ్మలో దొరుకుతుంది. వ్యాసార్ధం 1 గల వృత్తం గీసి, దాని కుడి అంచును తాకుతూ నిట్టనిలువుగా స్పర్శరేఖ గీయాలి. తాకిన చోటు నుంచి x ఎత్తు పైకి వెళ్లి, అక్కడ dx పొడవున్న చిన్న ముక్కను తీసుకోవాలి. వృత్త కేంద్రం నుంచి ఆ ముక్క రెండు కొసలకూ గీతలు గీస్తే మధ్యలో సన్నని కోణం ఏర్పడుతుంది. కేంద్రం నుంచి ఆ ముక్క √(1+x²) దూరంలో ఉంది కాబట్టి కోణం అంత మేర తగ్గుతుంది. పైగా కేంద్రం వైపు నుంచి చూస్తే ముక్క ఏటవాలుగా ఉంది, అందువల్ల మరోసారి అంతే మేర తగ్గుతుంది. రెండుసార్లు భాగిస్తే ఆ సన్నని కోణం dx/(1+x²). అలాంటి కోణాలన్నీ కూడితే మొత్తం కోణం వస్తుంది. ఆ కోణం టాంజెంట్ విలువ x కనుక జవాబు tan⁻¹x.

ఈ బొమ్మ మన దేశానికి కొత్తది కాదు. 14వ శతాబ్దంలో కేరళలో మాధవుడు మొదలుపెట్టిన గణిత సంప్రదాయం స్పర్శరేఖను ఇలాగే సన్నని ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకు ఎంత చాపం వస్తుందో లెక్కగట్టింది. ఆ వివరణను 16వ శతాబ్దంలో జ్యేష్ఠదేవుడు మలయాళంలో రాసిన యుక్తిభాషలో చూడవచ్చు. x విలువను 0 నుంచి 1 దాకా తీసుకుంటే మొత్తం π/4. 1 − 1/3 + 1/5 − 1/7 అంటూ సాగే శ్రేణి మొత్తం π/4 అని వాళ్లు తేల్చింది ఈ దారిలోనే.

సెకంట్ కూడా ఇదే బొమ్మలో ఉంది. ఈసారి స్పర్శరేఖపై ఎత్తును కాకుండా, కేంద్రం నుంచి ఆ బిందువు దాకా ఉన్న ఏటవాలు దూరాన్ని x అనుకుంటే ఎత్తు √(x²−1) అవుతుంది. సన్నని కోణం dx/(x√(x²−1)) అవుతుంది. ఏటవాలు దూరం వ్యాసార్ధం కన్నా తగ్గదు కాబట్టి ఇక్కడ x ఒకటి కన్నా ఎక్కువ ఉండాల్సిందే. సైన్ కోసం స్పర్శరేఖను వదిలేసి, వృత్తం మీదే కదిలే బిందువు ఎత్తును x అనుకోవాలి. అప్పుడు సన్నని చాపం dx/√(1−x²). వృత్తం మీది బిందువు ఎత్తు 1 దాటలేదు. అందుకే 1/√(1−x²)ని 0 నుంచి 2 దాకా సమాకలనం చేయమంటే, ఆ ప్రశ్నకు వాస్తవ సంఖ్యల్లో అర్థమే లేదు.

వ్యాసార్ధం 1 బదులు a అయితే మూడు సూత్రాలూ ఇలా మారతాయి:

∫ dx/√(a²−x²) = sin⁻¹(x/a) + c
∫ dx/(a²+x²) = (1/a) tan⁻¹(x/a) + c
∫ dx/(x√(x²−a²)) = (1/a) sec⁻¹|x/a| + c

సైన్‌కు ముందు 1/a ఎందుకు లేదో, మిగతా రెండింటికీ ఎందుకుందో బట్టీ పట్టాల్సిన పనిలేదు. x, a రెండూ సెంటీమీటర్లలో ఉన్నాయనుకోండి. మొదటి భిన్నంలో పైన సెంటీమీటరు, కింద సెంటీమీటరు కొట్టేసుకుపోయి కోణం నేరుగా మిగులుతుంది. మిగతా రెండింటిలో కింద సెంటీమీటరు ఒకటి ఎక్కువగా ఉంది, కాబట్టి జవాబులోనూ 1/a కనిపించాలి.

ఇప్పుడు ఒక లెక్క పూర్తిగా చేద్దాం. 1/(x²+4x+13)ను −2 నుంచి 1 దాకా సమాకలనం చేయాలి. x గుణకం 4లో సగం 2, దాని వర్గం 4. పదమూడులోంచి నాలుగు తీస్తే 9 మిగిలింది. అంటే హారం (x+2)² + 3². గుర్తు కూడిక, వర్గమూలం లేదు, లవంలో స్థిరసంఖ్య తప్ప ఏమీ లేదు. కాబట్టి ఇది టాంజెంట్ రూపమే. u = x+2 అనుకుంటే du, dx సమానం, a = 3. జవాబు (1/3) tan⁻¹((x+2)/3). పై అవధి దగ్గర tan⁻¹1 = π/4, కింది అవధి దగ్గర సున్నా. మొత్తం π/12, అంటే దాదాపు 0.262.

ఇది సరైనదేనా అని చూసుకోవడానికి అర నిమిషం చాలు. ఆ అవధుల మధ్య భిన్నం విలువ 1/9తో మొదలై 1/18కి తగ్గుతుంది. వెడల్పు 3. కాబట్టి వైశాల్యం 3/18కి, 3/9కి మధ్య, అంటే 0.167కి, 0.333కి మధ్య ఉండి తీరాలి. ముందున్న 1/3ని మరిచిపోయిన విద్యార్థికి 0.785 వస్తుంది. తప్పు అక్కడికక్కడే దొరికిపోతుంది.

ఎక్కువమంది తడబడేది x² ముందు గుణకం ఉన్నప్పుడు. ∫ dx/√(9−4x²)లో 4x² అంటే (2x)². u = 2x పెడితే dx = du/2 అవుతుంది, జవాబు ½ sin⁻¹(2x/3). ఆ ½ వదిలేయడం పరీక్ష పేపర్లలో కనిపించే మామూలు పొరపాటు. అది గుర్తుపెట్టుకున్న విద్యార్థి ∫ dx/(x√(4x²−9)) దగ్గర అవసరం లేని చోట ½ తెచ్చి పెడతాడు. ఇక్కడ వర్గమూలం బయట కూడా x ఉంది, అది u/2 అవుతుంది. పైన ఒక సగం, కింద ఒక సగం కొట్టేసుకుంటాయి. జవాబు (1/3) sec⁻¹|2x/3|, ½ లేకుండా. సూత్రంలోకి దూకే ముందు dxనూ, మిగిలిన ప్రతి xనూ uలోకి మార్చి రాసుకుంటే ఈ గందరగోళం ఉండదు.

లవంలో x కనిపించినా ఇలాగే ఆగి చూడాలి. x/(x²+9) చూడటానికి టాంజెంట్‌లా ఉంటుంది కానీ, పైనున్నది హారం అవకలనంలో సగం, కాబట్టి జవాబు ½ log(x²+9). అదే x/√(1−x⁴) అయితే పైనున్న x మనకు పనికొస్తుంది. u = x² పెడితే x dx సరిగ్గా du/2 అవుతుంది, ½ sin⁻¹(x²) వస్తుంది.

సెకంట్ జవాబులో నిలువు గీతలు అలంకారం కోసం పెట్టినవి కావు. 1/(x√(x²−1))ను −2 నుంచి −√2 దాకా తీసుకోండి. ఆ మేరలో x రుణం, వర్గమూలం ధనం, కాబట్టి భిన్నం ఎప్పుడూ రుణమే, జవాబూ రుణమే కావాలి. గీతలతో చేస్తే sec⁻¹√2 − sec⁻¹2, అంటే π/4 − π/3 = −π/12. గీతలు తీసేసి, sec⁻¹ విలువలను 0 నుంచి π మధ్య తీసుకునే మన పాఠ్యపుస్తకాల పద్ధతిలో చేస్తే 3π/4 − 2π/3 = +π/12 వస్తుంది. పరిమాణం అంతే ఉంటుంది, గుర్తు తారుమారవుతుంది.