మంత్రి ‘చెప్పింది’, మంత్రి ‘చెప్పారు’: యంత్రానువాదాన్ని తెలుగు చేయడం

బెంగాల్-నాగపూర్ రైల్వే కాలం నుంచి ఖరగ్‌పూర్‌లో తెలుగు కుటుంబాలున్నాయి. అక్కడి గోల్‌బజార్‌లో ఒకరు ఫోన్‌లో ఈ వార్త చదివారనుకుందాం: “మంత్రి చెప్పింది, ఆ ప్రయాణికులు ఎవరైతే ఖరగ్‌పూర్‌లో చిక్కుకుపోయారో, భారీ వర్షం రైలు సేవలను కొట్టిన తర్వాత, ప్రత్యేక రైళ్ల ద్వారా పంపబడతారు.”

మాటలన్నీ తెలుగే, వాక్యం మాత్రం ఇంగ్లిష్‌ది. ఇలాంటి యంత్రానువాదాన్ని సరిచేసేవారు ముందుగా క్రియ కోసం వెతుకుతారు. ఇంగ్లిష్‌లో ‘మంత్రి చెప్పారు’ అనేది ముందొస్తుంది, చెప్పిన సంగతి తర్వాత వస్తుంది. తెలుగులో సంగతి ముందు, ‘అని చెప్పారు’ చివర. ‘ఎవరైతే... వారు’ అనే జంటకూ పని లేదు. ‘చిక్కుకున్న ప్రయాణికులు’ అంటే సరిపోతుంది.

తర్వాత మర్యాద. మంత్రి మహిళ కాబట్టి ఇంగ్లిష్‌లో ‘షీ’ అని ఉంటుంది. ఆ మాటలో గౌరవం ఉందో లేదో తెలియదు. తెలుగులో ‘చెప్పింది’ ఆమెకూ సరిపోతుంది, ఆవుకూ సరిపోతుంది! వార్తల్లో మంత్రి ‘చెప్పారు’, దొంగతనం కేసులో నిందితుడు ‘చెప్పాడు’. చాలా వ్యవస్థలు ఒక్కో వాక్యాన్నీ విడిగా అనువదిస్తాయి. అందుకే మొదటి పేరాలో ‘ఆయన’ అయిన మనిషి మూడో పేరాలో ‘అతను’ అవుతాడు. ఒక్కో పేరునూ వార్త చివరిదాకా వెంబడిస్తేనే ఇది దొరుకుతుంది.

ఇక ‘కొట్టిన’. ‘హిట్’కు నిఘంటువు ఇచ్చే అర్థం అది. ఇక్కడ కావలసింది అంతరాయం.

ఇవన్నీ చూసి ఒకరు ఇలా దిద్దారు: “భారీ వర్షానికి రైళ్లు నిలిచిపోవడంతో ఖరగ్‌పూర్‌లో చిక్కుకున్న ప్రయాణికులను ప్రత్యేక రైళ్లలో పంపిస్తామని మంత్రి చెప్పారు.” చదవడానికి హాయిగా ఉంది. కానీ రెండు తప్పులు చేరాయి. మూలంలో రాకపోకలకు అంతరాయం కలిగిందని ఉంది తప్ప రైళ్లు ఆగిపోయాయని లేదు. పంపేది ఎవరో మూలం చెప్పలేదు. ‘పంపిస్తామని’ అనగానే అది మంత్రి ఇచ్చిన హామీ అయిపోయింది. స్టేషన్‌కు బయలుదేరాలా వద్దా అని చూసుకునే మనిషికి ఈ తేడా చిన్నది కాదు. ఎగుడుదిగుడు వాక్యాన్ని పాఠకుడు అనుమానిస్తాడు, నున్నటి తప్పును నమ్మేస్తాడు.

మూలాన్ని పక్కన పెట్టుకుని దిద్దితే ఇలా వస్తుంది: “భారీ వర్షంతో రైళ్ల రాకపోకలకు అంతరాయం కలిగి ఖరగ్‌పూర్‌లో చిక్కుకున్న ప్రయాణికులను ప్రత్యేక రైళ్లలో పంపుతారని మంత్రి చెప్పారు.” ‘పంపబడతారు’ పోయింది, పంపేవారెవరో చెప్పకుండా ఉండటం మాత్రం మిగిలింది. ‘పంపుతారు’కు కర్త అక్కర్లేదు.

ఈ పద్ధతికీ హద్దుంది. ఇంగ్లిష్ వాక్యంలో నాలుగైదు ఉపవాక్యాలుంటే, అన్నింటినీ నామవాచకం ముందు పేర్చితే చదివేవారికి ఊపిరాడదు. అప్పుడు రెండు వాక్యాలుగా విరవాలి. రెండో దాంట్లో కూడా ‘అని మంత్రి తెలిపారు’ ఉండాలి. లేకపోతే మంత్రి మాట విలేకరి మాటగా మారిపోతుంది.