వెండితో కలిసే బంగారం నికెల్‌తో ఎందుకు విడిపోతుంది?

బంగారంలో వెండిని ఏ పాళ్లలో కలిపి కరిగించినా, గడ్డకట్టాక ఒకే లోహంగా ఉంటుంది. ఎంత నిదానంగా చల్లార్చినా విడిపోదు. తెల్ల బంగారం తయారీలో వాడే నికెల్ సంగతి వేరు. బంగారం, నికెల్ కరిగి ఉన్నప్పుడు పూర్తిగా కలుస్తాయి. గడ్డకట్టిన తర్వాత కూడా సుమారు 810 డిగ్రీల సెల్సియస్ పైన ఒక్కటిగానే ఉంటాయి. ఆ కిందికి దిగితే మాత్రం, పాళ్లను బట్టి, బంగారం ఎక్కువున్న భాగం, నికెల్ ఎక్కువున్న భాగం అని రెండుగా చీలుతాయి. ఇలా ఒక్కటిగా నిలవలేని పాళ్ల మేరనే మిసిబిలిటీ గ్యాప్ అంటారు.

ఈ తేడాకు కారణం స్వేచ్ఛా శక్తి లెక్కలో దొరుకుతుంది:

ΔG = ΔH − TΔS

ΔH అంటే కలిసేటప్పుడు పీల్చుకునే లేదా విడిచే వేడి, అంటే ఎంథాల్పీ. ΔS ఎంట్రోపీలో పెరుగుదల. T కెల్విన్లలో ఉష్ణోగ్రత. స్థిరమైన ఉష్ణోగ్రత, పీడనాల దగ్గర ప్రకృతి ఎప్పుడూ స్వేచ్ఛా శక్తి తగ్గే దిక్కుకే పోతుంది.

రెండు రకాల పరమాణువులు కలగలిసినప్పుడు వాటిని అమర్చగల తీరులు విపరీతంగా పెరుగుతాయి. ఎంట్రోపీ పెరగడమంటే అదే. సగం సగం మిశ్రమానికి ఈ పెరుగుదల మోల్‌కు, ప్రతి కెల్విన్‌కు 5.76 జౌళ్లు. పక్కన ఏ పరమాణువు ఉన్నా ఒకటే అయితే ΔH సున్నా అవుతుంది. అదే ఆదర్శ ద్రావణం. అందులో కలవడానికి అడ్డే లేదు. బంగారం, వెండి పరమాణువుల పరిమాణం దాదాపు ఒకటే. పైగా అవి కలిస్తే కొద్దిగా వేడి విడుదలవుతుంది కాబట్టి వాటి కలయిక మరింత గట్టిది.

బంగారు పరమాణువు నికెల్ పరమాణువు కంటే సుమారు 15 శాతం పెద్దది. రెంటినీ ఒకే స్ఫటికంలో ఇరికిస్తే అది సాగి, నలిగి, శక్తి పెరుగుతుంది. ఇలాంటి వాటికోసం జోయెల్ హిల్డెబ్రాండ్ 1929లో రెగ్యులర్ ద్రావణం అనే భావనను ముందుకు తెచ్చాడు. ఇందులో ఎంట్రోపీ ఆదర్శ ద్రావణంలో ఉన్నట్టే ఉంటుంది, వేడి మాత్రం సున్నా కాదు. దాని సరళమైన రూపంలో ΔH = Ωx(1−x). x ఒక లోహం వాటా, Ω ఆ జంట స్వభావాన్ని చెప్పే స్థిరాంకం. Ω ధనాత్మకమైతే, Ω/2R కంటే తక్కువ ఉష్ణోగ్రత దగ్గర చీలిక మొదలవుతుంది. R వాయు స్థిరాంకం.

810 డిగ్రీలంటే 1083 కెల్విన్లు. దీన్నిబట్టి Ω మోల్‌కు 18 కిలోజౌళ్లు. ఇప్పుడు సగం సగం మిశ్రమాన్ని 900 కెల్విన్ల దగ్గర, అంటే 627 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచామనుకుందాం. ΔH 4.5 కిలోజౌళ్లు, TΔS 5.19 కిలోజౌళ్లు, కాబట్టి ΔG −0.69. ఋణాత్మకమే వచ్చింది కదా, కలిసే ఉండాలి అనిపిస్తుంది. పొరపాటు పడేది సరిగ్గా ఇక్కడే. విడివిడి శుద్ధ లోహాల కంటే ఈ మిశ్రమం మేలని మాత్రమే ఆ అంకె చెబుతుంది. అంతకంటే మేలైన ఏర్పాటు మరొకటి ఉందేమో చెప్పదు. నికెల్ 17 శాతమున్న మిశ్రమానికి, 83 శాతమున్న మిశ్రమానికి లెక్కకడితే రెంటికీ −0.87 వస్తుంది. సగం సగం ముద్ద ఆ రెండుగా చీలితే శక్తి ఇంకా తగ్గుతుంది, కాబట్టి చీలుతుంది. గీత గీసి చూస్తే ΔGకి రెండు లోయలు, మధ్యలో ఒక మిట్ట కనిపిస్తాయి. అంటే తేల్చేది ΔG గుర్తు కాదు, ఆ గీత ఆకారం.

చీలిక జరిగిందని ఎక్స్-రే చెబుతుంది. ఒకే స్ఫటికం తాలూకు గీతల స్థానంలో రెండు స్ఫటికాల గీతలు కనిపిస్తాయి. లోహం గట్టిపడుతుంది కూడా. ఎర్రగా కాలిన ముద్దను నీళ్లలో చటుక్కున ముంచితే పరమాణువులు కదిలే వ్యవధి ఉండదు. గది వేడిమిలో అవి దాదాపు కదలలేవు కాబట్టి, విడిపోవలసిన మిశ్రమం కలిసే మిగిలిపోతుంది.

ఈ నమూనాకు ఒక హద్దు ఉంది. సగం సగం మిశ్రమానికి ప్రయోగంలో కొలిచిన వేడి 4.5 కాదు, సుమారు 7.5 కిలోజౌళ్లు. ఆ అంకెను నమూనాలో పెడితే 1800 కెల్విన్ల దాకా చీలిక ఉండాలి. అంత వేడికి ఈ లోహాలు రెండూ కరిగిపోయి ఉంటాయి! లెక్కకు రానిది పరమాణువుల కంపనం. మిశ్రమంలో ఆ కంపనాల వల్ల అదనపు ఎంట్రోపీ చేరి, చీలే ఉష్ణోగ్రతను కిందికి దించుతుంది. పైగా గ్యాప్ శిఖరం నమూనా చెప్పినట్టు సగం దగ్గర కాక, నికెల్ సుమారు 70 శాతం ఉన్నచోట ఉంటుంది. చిన్న నికెల్ స్ఫటికంలో పెద్ద బంగారు పరమాణువును దూర్చడమే ఎక్కువ కష్టం. అందుకే గ్యాప్ నికెల్ వైపు ఒరుగుతుంది.