వేడినీళ్ల పైపు రోజూ పెరుగుతుంది

మేడ మీది సోలార్ హీటర్ నుంచి బాత్రూములకు వచ్చే లైన్లో ఒకే ఎల్బో దగ్గర పదేపదే నీరు కారుతుంటే, నింద సొల్యూషన్ మీదకు పోతుంది. ఎల్బో కోసి కొత్తది వేస్తారు. కొన్నాళ్లకు మళ్లీ అక్కడే తడి. చల్లనీళ్ల లైను కూడా అదే ప్లంబరు, అదే సొల్యూషన్‌తో వేశాడు కదా, దానికేమీ కాలేదేం? అది ఏడాది పొడవునా దాదాపు ఒకే పొడవులో ఉంటుంది. వేడినీళ్ల పైపు అలా కాదు, నీళ్లు వచ్చినప్పుడల్లా పొడవు పెరిగి, చల్లారాక తగ్గుతుంది.

ఎంత పెరుగుతుందో లెక్క వేద్దాం. ఒక హాస్టల్ మేడ మీద పిట్టగోడ వెంట 25 మీటర్ల సీపీవీసీ పైపు తిన్నగా సాగుతోందనుకోండి. చలికాలం తెల్లవారుజామున పైపు 20 డిగ్రీల దగ్గర ఉంది. పిల్లలు స్నానాలకు లేచేసరికి అందులోకి 60 డిగ్రీల నీళ్లు వచ్చాయి. సీపీవీసీ ఒక మీటరుకు, ఒక డిగ్రీకి సుమారు 0.065 మిల్లీమీటర్లు పెరుగుతుంది. 25 మీటర్లు, 40 డిగ్రీల తేడా అంటే 65 మిల్లీమీటర్లు, ఆరున్నర సెంటీమీటర్లు! పైపు లావైనా సన్నమైనా ఈ పెరుగుదల మారదు.

అదే జీఐ పైపయితే 12 మిల్లీమీటర్లే పెరుగుతుంది. అలాగని నిశ్చింతగా ఉండటానికి లేదు. ఇనుము తక్కువ పెరిగినా మొండిగా తోస్తుంది. అంగుళం జీఐ పైపును రెండు చివర్లా కదలకుండా, పక్కకు వంగకుండా బిగించి 40 డిగ్రీలు వేడిచేస్తే దాదాపు మూడు టన్నుల బరువుతో సమానమైన తోపు పుడుతుంది. సీపీవీసీ తోపు అందులో ఇరవయ్యో వంతు ఉంటుందేమో, కానీ ఆ పైపు మెత్తన. ముందు పాములా వంకర్లు తిరుగుతుంది, ఆ తర్వాత భారమంతా దగ్గర్లోని ఎల్బో మీదో, టీ మీదో పడుతుంది.

ఈ 65 మిల్లీమీటర్లకు చోటు చూపించడానికే లూపు. లైను మధ్యలో నాలుగు ఎల్బోలతో యూ ఆకారంలో పక్కకు ఒక మలుపు తిప్పుతారు. రెండు వైపుల నుంచీ పైపు పెరిగి వస్తే యూ కాళ్లు ఒకదానివైపు ఒకటి కాస్త వంగుతాయి, చల్లారాక మళ్లీ విచ్చుకుంటాయి. మన హాస్టల్ లైను అంగుళం పైపే అనుకుంటే మలుపు మొత్తం పొడవు సుమారు 1.35 మీటర్లు కావాలి. ఒక్కో కాలు 54 సెంటీమీటర్లు, మధ్య ముక్క 27. లావు పైపు అంత సులభంగా వంగదు కాబట్టి దానికి కాళ్లు ఇంకా పొడుగు పెట్టాలి. లూపును నేలకు సమాంతరంగా పడుకోబెట్టడం మేలు. నిలువుగా పైకి లేపితే నెత్తిన గాలి పట్టుకుని నీళ్లు సరిగా రావు.

లూపు వేసేశాం, ఇక పని అయిపోయిందనుకోవడం దగ్గరే చాలామంది బోల్తా పడతారు. నా ఉద్దేశంలో అసలు పని క్లాంపులది. లైను రెండు చివర్లా పైపు కదలకుండా గట్టిగా పట్టాలి. అలా పడితేనే పెరుగుదల లూపు వైపు నడుస్తుంది. మధ్యలోని క్లాంపులన్నీ వదులుగా ఉండాలి, బరువు మొయ్యాలి తప్ప పైపును పిసకకూడదు. పైపు జారిపోకూడదని ప్రతి క్లాంపునూ శక్తికొద్దీ బిగించేస్తే లూపుదాకా కదలికే రాదు. అప్పుడు లూపు ఉత్త అలంకారం. అలాగని క్లాంపులు తగ్గించనూ కూడదు. వేడికి సీపీవీసీ మెత్తబడి కుంగుతుంది కాబట్టి అంగుళం వరకు పైపుకు సుమారు మూడడుగులకొకటి ఉండాలి. లూపు కాలి మీద గానీ, వంగాల్సిన ఎల్బోను ఆనుకుని గానీ క్లాంపు వెయ్యొద్దు.

షాఫ్టులో నిలువు పైపుదీ ఇదే కథ. అక్కడ పైపు పెరిగినప్పుడు ప్రతి అంతస్తులో బాత్రూములోకి పోయే కొమ్మ కూడా దాంతోపాటు కదలాలి. టీ నుంచి రాగానే ఆ కొమ్మను గోడలో సిమెంటుతో పూడ్చేస్తే, కదలలేక టీ దగ్గరే పగులుతుంది. గోడ దాటే చోట పైపు చుట్టూ కాస్త సందు వదలాలి, టీకీ గోడకీ మధ్య కొమ్మ వంగడానికి కొంత పొడవు ఉంచాలి.

మీ లైను కదులుతోందో లేదో చూసుకోవడానికి పెన్సిల్ చాలు. తెల్లవారుజామున, నీళ్లు వదలకముందు, లూపుకు దగ్గర్లోని క్లాంపు అంచున పైపు మీద గీత గీయండి. వేడినీళ్లు పది నిమిషాలు పారాక చూడండి. గీత రెండు మూడు సెంటీమీటర్లు లూపు వైపు జరిగితే లైను బాగున్నట్టే. గీత కదలక, పైపు క్లాంపుల మధ్య పక్కకు ఉబ్బితే, లేదా టక్ టక్ మని ఉండుండి చప్పుడు చేస్తే ఎక్కడో పట్టేసిందన్నమాట. అప్పుడు కారే ఎల్బోను మార్చే ముందు దాని చుట్టుపక్కల క్లాంపులను వదులు చేయించండి. కొత్త ఇల్లు కట్టేవారయితే, షాఫ్టు మూసేలోపే ఏ క్లాంపు బిగింపుదో, ఏది జారేదో ప్లంబరు చేత చూపించుకోండి.