ఏసీకి చుక్కలు చూస్తే చాలదు, చీటీలోని అంకెలు చదవాలి

రామాపురం: చీరాల దగ్గరి ఈ సముద్రతీర గ్రామంలో మే నెల ఉక్కపోత ఎలాంటిదో చెప్పనక్కరలేదు. ఏసీ కొనాలనుకునే వారు పట్టణంలో దుకాణానికి వెళ్ళి, ముందు అతికించిన నక్షత్రాల చీటీని ఫోన్‌లో ఫొటో తీసుకొని వస్తున్నారు. ఇంటికొచ్చాక ఆ ఫొటోలో నక్షత్రాలు లెక్కపెట్టి ఊరుకుంటే నెల చివర వచ్చే బిల్లు అర్థం కాదు. ఆ చీటీలోనే బిల్లు లెక్క కూడా ఉంది.

ఈ చీటీ కేంద్ర ప్రభుత్వ ఇంధన సామర్థ్య సంస్థ (బి.ఇ.ఇ.) ది. ఈ పద్ధతి 2006లో మొదలైంది. చీటీలో ముందు చూడవలసింది మోడల్ నంబరు. దాన్ని చివరి అక్షరం వరకు రాసుకోవాలి. ఒక్క అక్షరం తేడాతో మూడు నక్షత్రాల ఏసీ, అయిదు నక్షత్రాల ఏసీ పక్కపక్కన ఉండవచ్చు. ఫొటోలో సున్నా, 'ఓ' అక్షరం ఒకేలా కనిపిస్తాయి. 8 అంకె, 'బి' అక్షరం కూడా అంతే. ఫ్లాష్ వేస్తే మెరుపు పడి అంకెలు చెరిగిపోతాయి కనుక ఫ్లాష్ లేకుండా దగ్గరగా తీయాలి. ఆ నంబరును బి.ఇ.ఇ. వారి స్టార్ లేబుల్ యాప్‌లో వెదికితే చీటీ అసలైనదా కాదా తేలిపోతుంది.

తరువాత చూడవలసింది చీటీ వర్తించే కాలం. 2022 జులైలో ఏసీల కొలమానాన్ని బిగించారు. అంతకుముందు సామర్థ్యపు అంకె (ఐ.ఎస్.ఇ.ఇ.ఆర్.) 4.5 ఉన్న స్ప్లిట్ ఏసీకి అయిదు నక్షత్రాలు దక్కేవి. ఆ తరువాత 5 ఉంటేనే అయిదు ఇచ్చారు. కాబట్టి పాత సరుకులో అయిదు నక్షత్రాలున్నా, కొత్త లెక్కలో అది నాలుగుకే సరిపోవచ్చు. నక్షత్రాల కన్నా ఈ అంకెను పోల్చడం మేలు. అంకె ఎక్కువైతే అదే చల్లదనానికి కరెంటు తక్కువ తింటుందన్న మాట.

ఇక ఎక్కువమంది పొరబడేది ఏడాది యూనిట్ల దగ్గర. ఫ్రిజ్ చీటీలోని యూనిట్లు ఏడాది పొడుగునా నడిచినందుకు. వాటిని 12తో భాగిస్తే నెల ఖర్చు వస్తుంది. ఏసీ చీటీలోనివి మాత్రం ఏడాదికి 1,600 గంటలకే. వాటిని 12తో భాగించకూడదు, 1,600తో భాగించి గంటకు ఎంతో తెలుసుకోవాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒకటిన్నర టన్ను ఏసీలు రెండున్నాయి. మూడు నక్షత్రాల దాని చీటీపై 960 యూనిట్లు, అయిదు నక్షత్రాల దానిపై 752 యూనిట్లు అనుకుందాం. గంటకు మొదటిది 0.60, రెండోది 0.47 యూనిట్లు కాలుస్తుంది. రాత్రికి 8 గంటల చొప్పున నెలకు 240 గంటలు. మొదటిదానికి 144, రెండోదానికి 113 యూనిట్లు అవుతాయి. 960ని 12తో భాగించి నెలకు 80 యూనిట్లేనని లెక్కవేసుకున్న ఆసామికి బిల్లు చూశాక గుండె గుభేలుమంటుంది.

ఆ ఇంట్లో ఏసీ లేకుండా నెలకు 110 యూనిట్లు ఖర్చవుతున్నాయనుకుందాం. 2022 ఏప్రిల్‌లో వచ్చిన రేట్ల ప్రకారం 125 వరకు యూనిట్‌కు రు. 4.50, 225 వరకు రు. 6, ఆపైన 400 వరకు రు. 8.75. (ప్రస్తుత రేట్లు మీ బిల్లు చూసి సరిచూసుకోండి.) మూడు నక్షత్రాల ఏసీతో మొత్తం 254 యూనిట్లవుతుంది. అదనపు ఖర్చు సుమారు రు. 921. అయిదు నక్షత్రాల దానితో 223 వద్దే ఆగి, అదనంగా సుమారు రు. 656 అవుతుంది. నెలకు తేడా సుమారు రు. 265. పై స్లాబు ముట్టకపోవడం వల్లనే తేడా ఇంతగా కనిపిస్తున్నది. ఇతర చార్జీలు వేరు.

వేసవి మూడు నెలలకు మిగిలేది దాదాపు రు. 800. అయిదు నక్షత్రాల దాని ధర రు. 6,000 ఎక్కువైతే, ఆ డబ్బు తిరిగి రావడానికి ఏడున్నరేళ్ళు పడుతుంది. వేసవి రాత్రులకే వాడే ఇంటికి మూడు నక్షత్రాలదే లాభమనిపించవచ్చు. పగలు కూడా నడిపే ఇంటికి, ఏడాదంతా నడిచే బీచ్ అతిథిగృహానికి లెక్క తిరగబడుతుంది.

చీటీ అంకె ప్రయోగశాలలో తేల్చిన సగటు. మండే మధ్యాహ్నం గంటకు అంతకన్నా ఎక్కువే కాలుతుంది. తలుపు సందులుంటే, 18 డిగ్రీలకు పెడితే ఇంకా పెరుగుతుంది. ఉప్పుగాలికి బయటి యూనిట్ రేకులు తినేస్తే కొత్తప్పటి సామర్థ్యం నిలవదు. అందుకని కొనేముందు దుకాణంలో అడగవలసినవి మూడే: పూర్తి మోడల్ నంబరు, ఐ.ఎస్.ఇ.ఇ.ఆర్. అంకె, ఏడాది యూనిట్లు. నాలుగోది దుకాణదారు చెప్పలేడు. ఏడాదిలో మీరు ఎన్ని గంటలు నడుపుతారన్నది మీకే తెలియాలి.